చివరి చెల్లింపుకు ముందే అడగాల్సిన కాగితం

(మిర్యాలగూడలో జరిగిన ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణదారుల సమావేశంలో, నల్లగొండలో చాలాకాలంగా దుకాణాల పద్దులు చూస్తున్న ఒక అకౌంటెంటు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు లెక్కల మనిషిని మాట్లాడమనడం నిర్వాహకుల ధైర్యం. ఆకలి మీద ఉన్నవారికి కోపం త్వరగా వస్తుంది కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

యాసంగి వడ్లు అమ్ముడుపోయాయి. రైతుల దగ్గర ఉద్దెర వసూలైనంత వసూలైంది. ఇప్పుడు మీరు డిస్ట్రిబ్యూటర్లకు, కంపెనీలకు కట్టే కాలం. వానాకాలం సరుకు దిగకముందే పాతవారితో లెక్క తెంచుకుని కొత్తవారి దగ్గర ఖాతా తెరిచేవారు ప్రతి ఏడాదీ కొందరుంటారు. డబ్బంతా కట్టేశాం, ఇక సంబంధం లేదనుకుంటారు. రెండేళ్ల తర్వాత ఒక వకీలు నోటీసు వస్తుంది. అందులో ఎనభై వేలో లక్షో బాకీ, దాని మీద వడ్డీ. దుకాణదారు చేతిలో బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది. తాను ఎంత కట్టాడో అది చెబుతుంది. ఇంకేమీ కట్టనక్కర లేదని అవతలివారు ఒప్పుకున్నట్టు మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఒప్పుకోలు కాగితమే నో డ్యూస్ సర్టిఫికెట్. మన పాతవాళ్లు చెల్లు రసీదు రాయించుకునేవారు, ఇదీ ఆ పనే.

ముందుగా ఒక చేదు నిజం. బ్యాంకుకు అప్పు తీర్చేస్తే మీ ఇంటి కాగితాలు 30 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకే కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సరుకు ఇచ్చే వ్యాపారి విషయంలో అలాంటి నియమం ఏదీ లేదు. డబ్బు అందిందని రసీదు ఇవ్వాలి, అంతవరకే. ‘ఇక ఏమీ రావాల్సింది లేదు’ అని రాసివ్వమని మీరు అడగగలరు, ఒత్తిడి చేయగలరు, కానీ డబ్బు మొత్తం వారి ఖాతాలో పడ్డాక వారికి రాసిచ్చే అవసరం ఏముంది? అప్పటిదాకా రోజుకు నాలుగుసార్లు ఫోను చేసిన ఏరియా మేనేజరు ఆ తర్వాత మీ ఫోను ఎత్తడు. అందుకే నేను చెప్పేది ఒకటే. ఈ కాగితాన్ని చివరి చెల్లింపు తర్వాత కాదు, ముందే అడగండి. అందులో ఏమేమి రాయాలో ముందే ఒప్పించుకోండి. ఒప్పుకున్న మాటల మీద డబ్బు పంపండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మార్చి నెలాఖరులో ఆడిటు కోసమని కంపెనీ నుంచి ఒక కాగితం వస్తుంది. ‘31 మార్చి నాటికి మీ ఖాతాలో మాకు రావాల్సింది ఇంత, సంతకం చేసి పంపండి’ అని. దాన్ని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటారు. చాలామంది లారీ డ్రైవరు తెచ్చిన బిల్లు మీద సంతకం పెట్టినట్టే దాని మీదా పెట్టేస్తారు. నో డ్యూస్ మీ బాకీ తీరిందని చెప్పే కాగితం. ఇది మీకు బాకీ ఉందని మీరే ఒప్పుకునే కాగితం. మామూలుగా సరుకు బాకీ మీద దావా వేయడానికి 3 ఏళ్ల గడువు. గడువు లోపల మీరు బాకీ ఉందని సంతకం పెట్టి ఒప్పుకుంటే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు మొదలవుతాయి. అంకె మీ పుస్తకంతో సరిపోకపోతే సంతకం పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే ‘మా పుస్తకాల ప్రకారం ఇంత మాత్రమే, తేడా వివరాలు జతచేశాం’ అని రాసి పెట్టండి.

సరే, ఒక లెక్క పూర్తిగా చూద్దాం. హాలియా వైపు ఒక దుకాణం. పేర్లు అనవసరం. ఒక పురుగుమందుల కంపెనీతో ఆయనకు చాలా ఏళ్లుగా ఖాతా. ఈసారి తెంచుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఆయన పుస్తకంలో కంపెనీకి ఇవ్వాల్సింది 1,86,400 రూపాయలు. కంపెనీ పంపిన లెడ్జరులో 2,41,750. తేడా 55,350. ఆయన మొదట ఏమన్నాడంటే, ‘నా లెక్క ప్రకారం ఉన్నది కట్టేస్తాను సార్, మిగిలింది వాళ్లే చూసుకుంటారు’ అన్నాడు. వాళ్లు చూసుకుంటారు, నిజమే. తీరిక దొరికినప్పుడు, తమకు అనుకూలమైన పద్ధతిలో చూసుకుంటారు.

రెండు లెడ్జర్లూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క పద్దుకూ టిక్కు పెట్టుకుంటూ వెళ్తే తేడా అంతా నాలుగు చోట్ల దొరికింది.

మొదటిది వాపసు సరుకు. యాసంగిలో అమ్ముడుపోని 12 పెట్టెలు, పెట్టె 2,000 చొప్పున 24,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 28,320. దుకాణదారు లారీలో వేసి పంపిన రోజే తన పుస్తకంలో తగ్గించుకున్నాడు. కంపెనీ క్రెడిట్ నోటు ఇవ్వలేదు, ఎందుకంటే డిపోలో సరుకు దిగిందన్న కబురు హైదరాబాదులోని అకౌంట్స్ వారికి చేరనే లేదు. ఆయన అదృష్టం, ట్రాన్స్‌పోర్టు వారి ఎల్ఆర్ కాపీ మీద డిపో ముద్ర ఉంది. ఆ ముద్ర లేకపోతే 28 వేలు గాలిలో కలిసేవే. అయితే 12 పెట్టెల్లో రెండు కారిపోయి చేరాయని డిపో రిజిస్టరులో ఉంది. ఆ రెండింటికీ ఇవ్వలేమన్నారు. పది పెట్టెలకు 20,000, జీఎస్టీ 3,600, మొత్తం 23,600కు ఒప్పుకున్నారు.

రెండవది స్కీము. సీజనులో ఆరు లక్షల కొనుగోలు దాటితే రెండున్నర శాతం అని ఫీల్డ్ ఆఫీసరు వాట్సాప్‌లో పంపాడు. ఆరు లక్షలకు 15,000 అని ఈయన తగ్గించుకున్నాడు. కంపెనీ సర్క్యులర్ తెప్పిస్తే అందులో గడువు లోపల మొత్తం డబ్బు కడితేనే అన్న షరతు ఉంది. ఈయన కొంత గడువులో, కొంత ఆలస్యంగా కట్టాడు. బేరం 10,000 దగ్గర తెగింది. మీ ఫోనుల్లో ఇలాంటి సందేశాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. అవి అసలు పనికిరావని అనను, కానీ స్కీము గురించిన మాట సర్క్యులర్ రూపంలో అడిగి తీసుకోవడానికి సీజను మొదట్లో అయితే ఎవరూ కాదనరు. సరుకు అమ్మాలి కదా.

మూడవది వడ్డీ. కంపెనీ 9,680 రూపాయలకు డెబిట్ నోటు వేసుకుంది. ఆయనకు అది పోస్టులో రాలేదు, మెయిల్లో వచ్చింది. ఆ మెయిలు తెరిచేది ఇంజనీరింగ్ చదువుకు వెళ్లిన కొడుకు. వడ్డీ లెక్క పట్టిక తెప్పించి చూస్తే వెనక్కి పంపిన సరుకు మీద కూడా వడ్డీ పడింది. ఆ సంగతి చూపించాక సగం, 4,840, వదిలేశారు. నాలుగవది చిన్నది. టూ-పే లారీకి ఈయన చేతి నుంచి కట్టిన 2,350 రవాణా ఖర్చు. రసీదు ఉంది కాబట్టి పూర్తిగా ఒప్పుకున్నారు.

ఇప్పుడు కంపెనీ అంకె నుంచి వీటిని తీసేయండి. 2,41,750లో 23,600, 10,000, 4,840, 2,350 పోతే 2,00,960. ఇంకొకటి మిగిలి ఉంది, చాలామందికి గుర్తురానిది. ఖాతా తెరిచేటప్పుడు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ 50,000. అది సరుకు లెడ్జరులో కనిపించదు, కంపెనీ పుస్తకాల్లో వేరే ఖాతాగా ఉంటుంది. సరుకు ఖాతా సున్నా అయినా డిపాజిట్ ఖాతా అలాగే నిద్రపోతూ ఉంటుంది. దాన్ని కూడా ఈ లెక్కలోనే కలుపుకుంటే ఈయన కట్టాల్సింది 1,50,960 రూపాయలు.

ఈ లెక్కంతా ఒకే పుట మీద రాసి, తేదీ వేసి, ఇరుపక్షాల సంతకాలు తీసుకున్నాం. దీన్ని సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ అనండి, మరొకటి అనండి. నో డ్యూస్‌కు పునాది ఇదే. ఈ పుట లేకుండా వచ్చిన నో డ్యూస్‌ను రేపు ‘అప్పట్లో ఫలానా డెబిట్ నోటు మా దృష్టికి రాలేదు’ అని పక్కన పెట్టేయడం సులువు. పుటలో ఆ డెబిట్ నోటు పేరుతో సహా ఉంటే అలా అనలేరు. మాట ప్రకారం రావాల్సిన దానికంటే తక్కువకు పరిష్కరించుకుంటే అది చెల్లుతుందా అని కొందరి అనుమానం. చెల్లుతుంది. తనకు రావాల్సిన దానిలో కొంత వదులుకుని మిగిలినదాన్ని పూర్తి చెల్లింపుగా తీసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ఇస్తుంది. కాకపోతే అలా తీసుకున్నట్టు కాగితం మీద ఉండాలి.

జీఎస్టీ సంగతి ఒక్క ముక్కలో. వాపసు సరుకుకు కంపెనీ ఇచ్చే క్రెడిట్ నోటు మీ జీఎస్‌టీఆర్-2బీలో కనిపిస్తుంది, ఆ 3,600 క్రెడిట్‌ను మీరు వెనక్కి తిప్పాలి. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే కంపెనీ ఆ పన్నును తగ్గించుకోలేదు. అందువల్ల పాత సరుకు వాపసు గొడవలు డిసెంబరులో తేల్చుకోబోతే కంపెనీ పన్ను భాగం ఇవ్వడానికి ఒప్పుకోదు. మీ ఆడిటరు మిగిలింది చెబుతాడు.

ఇక డబ్బు పంపడం. బ్యాంకు ద్వారానే పంపండి. రెండు లక్షల లోపు కాబట్టి ఆయన నెఫ్ట్ చేశాడు, ఆర్టీజీఎస్‌కు కనీస మొత్తం రెండు లక్షలు. చెక్కు ఇస్తే ‘చెక్కు పాసైతేనే వర్తిస్తుంది’ అని సర్టిఫికెట్లో ఒక మెలిక పెడతారు, దానికి తావివ్వకండి. డబ్బు పంపిన రోజే మెయిలు కూడా పెట్టాలి. అందులో ఏముండాలంటే, ‘ఈ మొత్తం ఫలానా తేదీ సెటిల్‌మెంట్ ప్రకారం తుది చెల్లింపు, దీనికే జమ చేసుకోవాలి’. ఈ ఒక్క వాక్యం ఎందుకంటే, కాంట్రాక్టు చట్టంలో 59, 60 సెక్షన్లు ఉన్నాయి. మీరు కట్టే డబ్బు ఏ బాకీకి కడుతున్నారో చెబితే, ఆ డబ్బు తీసుకున్నవారు దానికే జమ చేయాలి. మీరు చెప్పకపోతే తమకు నచ్చిన బాకీకి జమ చేసుకోవచ్చు. కాలదోషం పట్టిన పాత బాకీకైనా సరే. పదేళ్ల నాటి వివాదపు బిల్లుకు మీ డబ్బు జమ చేసుకుని, నిన్నటి బిల్లును బాకీగా మిగిల్చే వీలు వారికి మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇప్పుడు సర్టిఫికెట్ మాటలు. కంపెనీల దగ్గర ఒక అచ్చు నమూనా ఉంటుంది. ‘మా పుస్తకాల ప్రకారం ఈ రోజు వరకు ఈ డీలరు నుంచి రావాల్సింది లేదు, తప్పులుంటే సవరించుకునే హక్కు మాకుంది’ అని. ముందు భాగం ఇచ్చినదాన్ని వెనక భాగం లాక్కుంటుంది. పైగా ‘ఈ డీలరు’ అంటే ఏ ఖాతా? ఇదే కంపెనీకి విత్తనాల విభాగం వేరుగా, పురుగుమందుల విభాగం వేరుగా ఉంది, రెండింటికీ వేర్వేరు ఖాతా సంఖ్యలు. ఒక విభాగం ఇచ్చిన నో డ్యూస్ రెండో విభాగానికి వర్తించదు. అందుకే నమూనా మనమే రాసి పంపాం. చదువుతాను, కావలసినవారు రాసుకోండి.

‘మా సంస్థ పుస్తకాల్లో ఫలానా దుకాణం పేరు మీద, ఫలానా జీఎస్టీ సంఖ్యతో ఉన్న అన్ని ఖాతాలు, అంటే పురుగుమందుల విభాగం ఖాతా, విత్తనాల విభాగం ఖాతా, డిపాజిట్ ఖాతా, ఫలానా తేదీన ఇరుపక్షాలూ సంతకం చేసిన లెక్క ప్రకారం పూర్తిగా, తుదిగా పరిష్కారమయ్యాయి. చివరి మొత్తం 1,50,960 రూపాయలు ఫలానా తేదీన నెఫ్ట్ ద్వారా, ఫలానా యూటీఆర్ సంఖ్యతో మాకు అందింది. ఆ తేదీ వరకు జరిగిన లావాదేవీలకు సంబంధించి అసలు, వడ్డీ, డెబిట్ నోట్లు, చెక్కు వాపసు ఖర్చులు, రవాణా, మరే ఇతర రూపంలోనూ ఆ దుకాణం గాని, దాని యజమాని, పూచీదారులు గాని మాకు చెల్లించాల్సింది ఏమీ లేదు. పూచీగా తీసుకున్న ఫలానా సంఖ్యల చెక్కులు, ప్రామిసరీ నోటు వాపసు ఇచ్చాం.’

ఇందులో ‘వడ్డీ’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. అసలు తీరింది, వడ్డీ సంగతి తర్వాత అనే గొడవలే ఎక్కువ. ఇక్కడ రైస్ మిల్లుల వారు కూడా కొందరు కూర్చున్నారు కాబట్టి వారికి ఒక మాట. మీకు సంచులు కుట్టి ఇచ్చేవారు, యంత్రాలు బాగుచేసేవారు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమ అయితే, ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఈ రోజు మొహమాటానికి ఊరుకున్నవారు వ్యాపార సంబంధం తెగిపోయాక దాన్ని అడగవచ్చు. వారి దగ్గర తీసుకునే కాగితంలో ఆలస్యానికి వడ్డీ కూడా పరిష్కారమైందని స్పష్టంగా ఉండాలి.

‘పూచీదారులు’ అన్న మాట గురించీ చెప్పాలి. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన కాగితాల కట్టలో తమ్ముడి చేతనో భార్య చేతనో పూచీ సంతకం పెట్టించి ఉంటారు, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. కంపెనీ మరిచిపోదు.

సంతకం ఎవరిది? వ్యక్తి పేరు మీద నడిచే డిస్ట్రిబ్యూటరైతే యజమానిది, భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వామిది, కంపెనీ అయితే అకౌంట్స్ లేదా క్రెడిట్ విభాగంలో ఆ అధికారం ఉన్నవారిది. లెటర్‌హెడ్ మీద, హోదాతో, ముద్రతో. ఫీల్డ్ ఆఫీసరు ‘అన్నా, నీ ఖాతా క్లియర్’ అని పంపిన సందేశం స్నేహానికి గుర్తు, అంతే. వారు చేతిరాత రసీదు కూడా ఇస్తే, 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి, దాని మీదుగా సంతకం. రూపాయి కోసం రసీదును బలహీనం చేసుకోకండి. సర్టిఫికెట్‌తో పాటు ముగింపు సున్నా చూపే లెడ్జరు కాపీ కూడా తీసుకోండి, చివరి పద్దులు అందులో ఎలా రాశారో అదే చెబుతుంది.

ఇక అసలు ప్రమాదం, ఖాళీ చెక్కులు. ఈ గదిలో ఎంతమంది సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు కంపెనీలకు ఇచ్చారో చేతులెత్తమని అడగను. ఎత్తనివారిని లెక్కపెట్టడమే సులువు. ఖాళీది కదా, దాని మీద ఏముంది అనుకోవద్దు. సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కును తర్వాత మరొకరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం సంతకం పెట్టినవారిదే అని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. చెక్కు చెల్లుబాటు దాని మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు. తేదీ ఖాళీగా ఉంటే? ఎప్పుడు వేస్తే అప్పటి నుంచి. మీరు మరిచిపోయిన చెక్కుకు వయసు పెరగదు.

హాలియా దుకాణదారు మూడు చెక్కులు ఇచ్చాడు. సంఖ్యలు ఎలా తెలిశాయంటారా, పాత చెక్కు పుస్తకాల మొదటి పుటలో ఉండే పట్టికలో మూడు గడుల్లో ‘సెక్యూరిటీ’ అని రాసి ఉంది. అలా రాసుకోనివారు బ్యాంకు స్టేట్‌మెంటులో చెక్కు సంఖ్యలను వరుసగా చూడండి. క్లియరింగుకు రానివి, మీ దగ్గర రద్దయి లేనివి, ఎవరి దగ్గరో ఉన్నట్టే. కంపెనీ రెండు చెక్కులు తెచ్చిచ్చింది. మూడోది దొరకలేదు, అప్పటి మేనేజరు మానేసి వెళ్లాడన్నారు. అప్పుడు సర్టిఫికెట్లో ఒక వాక్యం చేర్పించాం: ‘ఫలానా సంఖ్య చెక్కు మా వద్ద దొరకలేదు, ఇకపై దొరికినా దాన్ని బ్యాంకులో వేయం, దాని మీద మాకు ఏ హక్కూ లేదు’. అదే రోజు ఆయన తన బ్యాంకులో ఆ సంఖ్యకు స్టాప్ పేమెంట్ లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాడు. స్టాప్ పేమెంట్ ఇచ్చేశాం కాబట్టి కేసు పడదనుకోవద్దు. అది డబ్బు పోకుండా ఆపుతుంది, కేసును ఆపదు. కేసుకు జవాబు, చెక్కు వేసే నాటికి బాకీయే లేదని చూపడం. చెక్కు ఇచ్చాక బాకీ కొంత తీరిపోతే, తీరిన సంగతి కలపకుండా పూర్తి మొత్తానికి చెక్కు వేసినప్పుడు చెక్కు బౌన్సు కేసుల 138వ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బాకీ తీరిందని చూపడానికి ఈ సర్టిఫికెట్ కంటే దగ్గరి దారి లేదు. చెక్కు తిరిగొచ్చిన కబురు అందిన 30 రోజుల్లో వారు నోటీసు పంపాలి, నోటీసు అందాక మీకు 15 రోజులు. ఆ 15 రోజుల్లోనే సర్టిఫికెట్ కాపీ జతచేసి వకీలు చేత జవాబు ఇప్పించండి. మౌనంగా కూర్చుంటే కోర్టులో అదే ముందు అడుగుతారు.

ప్రామిసరీ నోటు వెనక్కి వస్తే ముక్కలు చేయకండి. దాని మీద ‘పూర్తిగా చెల్లయింది’ అని, తేదీతో అవతలివారి సంతకం తీసుకుని దాచండి.

సేవలు అందించేవారి సంగతి త్వరగా చెబుతాను. గోదాము ఖాళీ చేస్తున్నప్పుడు యజమాని నుంచి అద్దె, మరమ్మతులు, అడ్వాన్సు మూడూ తేలాయని రాయించుకోండి. కరెంటు మీటరు మీ పేరు మీద ఉంటే కనెక్షను రద్దు లేదా పేరు మార్పు కోసం దక్షిణ డిస్కం కార్యాలయంలో వేరుగా దరఖాస్తు పెట్టాలి, అక్కడ మీ డిపాజిట్ ఉంటుంది. హమాలీల కాంట్రాక్టరు దగ్గర తీసుకునే నో డ్యూస్‌ను మాత్రం నేను అంతగా నమ్మను. అతనికి మీరు బాకీ లేరని అతను రాసిస్తాడు. అతను కూలీలకు జీతం ఇవ్వకపోతే, పీఎఫ్ కట్టకపోతే ఆ భారం మీ మీద పడే వీలు అలాగే ఉంటుంది. అతని దగ్గర సర్టిఫికెట్‌తో పాటు జీతాల పట్టిక, చలానాలు కావాలి.

ఇంకొక పరిమితి. కొన్ని కంపెనీల సరుకు మీరు బ్యాంకు ద్వారా ఛానల్ ఫైనాన్స్ మీద తీసుకుంటారు. కంపెనీకి డబ్బు బ్యాంకు ఎప్పుడో ఇచ్చేసింది, మీ బాకీ బ్యాంకుకు. కంపెనీ నో డ్యూస్ ఆనందంగా ఇస్తుంది, అది ఏ పనికీ రాదు. బ్యాంకు నుంచి వేరుగా తీసుకోవాలి.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(వేములపల్లి నుంచి వచ్చిన ఒక దుకాణదారు: ‘నేను పోయిన ఏడాదే మొత్తం కట్టేశాను సార్. సర్టిఫికెట్ అడిగితే ఇదిగో అదిగో అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?’)

చేతిలో డబ్బు లేదు కాబట్టి ఇక కాగితంతోనే పోరాడాలి. ముందు మెయిలు పంపండి. ఖాతా సంఖ్య, చివరి చెల్లింపు తేదీ, యూటీఆర్, మీ లెడ్జరు కాపీ పెట్టి, నో డ్యూస్, సున్నా లెడ్జరు, చెక్కులు అని మూడూ పేరుపేరునా అడగండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే లేఖ స్పీడ్ పోస్టులో, కంపెనీ రిజిస్టర్డు చిరునామాకు పంపండి. డిపోకు పంపితే చాయ్ కప్పుల కింద ఉంటుంది. ఆ లేఖలో ‘మా లెక్కతో మీకు తేడా ఉంటే వివరాలతో తెలపండి’ అని రాయండి. జవాబు రాకపోతే వారు ఒప్పుకున్నట్టేనని చట్టం అనదు. కానీ రేపు వివాదం వస్తే, మీరు అడిగినా వారు ఏ బాకీ చూపలేదన్నది మీ వైపు సాక్ష్యంగా నిలుస్తుంది. డిపాజిట్ ఏమైనా వారి దగ్గర ఉందా?

(‘ఇరవై ఐదు వేలు ఉంది సార్.’)

అయితే మీ చేతిలోనూ ఒక పిలక ఉంది. లేఖను డిపాజిట్ తిరిగి ఇవ్వమని మొదలుపెట్టండి. అది ఇవ్వాలంటే వారు ముందు మీ ఖాతా సరిచూడాలి. బాకీ ఉందంటే ఇప్పుడే బయటపడుతుంది, లేదంటే డిపాజిట్ వాపసు వోచరులోనే ‘ఖాతా ముగిసింది’ అన్న మాట రాయించుకోవచ్చు.

(వెనక వరుస నుంచి మరొకరు: ‘ఈ కాగితాలు ఎన్నేళ్లు దాచాలి?’)

దావా గడువు 3 ఏళ్లు కదా అని మూడేళ్లకే పారేయకండి. జీఎస్టీ లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఈ సర్టిఫికెట్, సెటిల్‌మెంట్ పుట, యూటీఆర్ ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటు, ఎల్ఆర్ కాపీలు అన్నీ ఒకే ఫైలులో పెట్టి ఆ పుస్తకాలతోనే ఉంచండి. చెక్కు దొరకలేదని రాసిచ్చిన సర్టిఫికెట్ అయితే ఆ బ్యాంకు ఖాతా నడుస్తున్నంత కాలం ఉంచండి. ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి, కానీ అసలుది బీరువాలో ఉండాలి.